ఎడమ కాలు కుంటితే కర్ర ఏ చేతిలో?

పోలియో మన దేశాన్ని వదిలిపోయింది గానీ మన సినిమాలను వదిలిపోలేదు. చివరి కేసు 2011 జనవరిలో పశ్చిమ బెంగాల్‌లోని హావ్‌డా జిల్లాలో బయటపడింది. 2014 మార్చిలో ప్రపంచ ఆరోగ్య సంస్థ సర్టిఫికెట్ కూడా ఇచ్చేసింది. అంటే ఇవాళ పాతికేళ్లున్న నటుడు పోలియో కాలును దగ్గర్నించి చూసి ఉండడు. అయినా మొన్న టీవీలో ఒక కుర్రాడు పోలియో వచ్చినవాడి వేషం వేశాడు. పాదం పక్కకు తిప్పి, కాలు నేలమీద రాసుకుంటూ, అడుగడుక్కీ మొహం బాధగా పెట్టి నడిచాడు. వాడు ఎవర్ని చూసి నేర్చుకున్నాడో నాకు తెలుసు. తనకు ముందు ఆ వేషం వేసినవాణ్ణి చూసి. ఆయన తనకు ముందువాణ్ణి చూసి. యాభై ఏళ్లుగా ఒకరి నడకను ఒకరు కాపీ కొట్టుకుంటూ వస్తున్నారు. అసలు కాలు మధ్యలో ఎక్కడో తప్పిపోయింది.

నాది పోలియో కాలే, ఎడమది. తొడ కండరానికి మోకాలిని నిలబెట్టే సత్తువ లేదు. కాలిపర్ లేకుండా ఇంట్లో నాలుగడుగులు వేయాలంటే ఎడమ అరచెయ్యి తొడమీద, మోకాలికి కాస్త పైన ఆనించి, వెనక్కి నొక్కిపట్టి అప్పుడు బరువు వేయాలి. చెయ్యి తీశానా, మోకాలు మడతపడి కూలబడతాను. నాలాంటివాళ్లు ముందుకు కాస్త వంగి, తొడమీద చెయ్యేసి నడిచేది అందుకే. మా రోజుల్లో ఎముకల డాక్టర్లు గుమ్మంలోకి వస్తుండగానే ఆ చేతిని చూసి ఇది పోలియో అనేవారు. ఇన్ని సినిమాలు చూశాను, ఆ చెయ్యి మాత్రం నాకు తెరమీద కనబడలేదు.

కాలిపర్ సంగతీ అంతే. కాలికి రెండు పక్కలా ఇనుప కడ్డీలు, తొడకు తోలు పట్టీ, కింద బూటు. మోకాలి దగ్గర కడ్డీలకు చెరో రింగు ఉంటుంది. నిలబడితే ఆ రింగులు కిందకు జారి టక్కుమని లాకు పడుతుంది, కాలు కర్రలా నిటారుగా నిలుస్తుంది. కూర్చోవాలంటే పంచె మీదనుంచో ప్యాంటు మీదనుంచో రింగులు పైకి లాగాలి. నా పెళ్లిచూపుల్లో లేచేటప్పుడు ఆ టక్కు వినబడి గదిలో అందరూ గప్‌చుప్ అయిపోయారు. పెళ్లికూతురు మాత్రం, "అది ఏం చప్పుడండీ?" అని అడిగింది. చెప్పాను. "నూనె వేయరా దానికి?" అంది. మా ఆవిడ ఇప్పటికీ వేస్తుంది, కుట్టుమిషను నూనె. ఈ మాటలన్నీ ఏ రచయిత అయినా మా ఇంటి అరుగు మీద అరగంట కూర్చుంటే దొరుకుతాయి. ఎవరూ రారు. కథలో వికలాంగుడు కావాలంటే వాళ్లకు పాత సినిమా క్యాసెట్టు చాలు.

మా రోజుల్లో అంతా బాగుండేదని నేననను. మా రోజుల్లో తెరమీద మాకు మూడే ఉద్యోగాలు. ఒకటి, గుడి మెట్లమీద చెయ్యి చాపి హీరో దయాగుణం లోకానికి తెలిసేలా చేయడం. రెండు, నత్తితోనో చెవుడుతోనో నవ్వించడం. మూడు, విలన్‌గిరీ. ఒంటికన్ను, కొయ్యకాలు, మొహాన కత్తిగాటు ఉంటే చాలు, వాడు చెడ్డవాడని చెప్పడానికి ఇంకో డైలాగు అక్కర్లేదు. దూరదర్శన్లో 1988లో మొదలైన బి.ఆర్.చోప్రా మహాభారతంలో గూఫీ పెంటల్ శకునిగా కుంటుతూ వచ్చేవారు. ఆదివారం పొద్దున్న వీధి వీధంతా అది చూసి, మధ్యాహ్నం పిల్లలు నా వెనకాల మామా మామా అంటూ అదే నడక నడిచేవారు. ఆయన గొప్ప నటుడే, అందులో అనుమానం లేదు. నాకు మాత్రం ఆదివారాలు పాడయ్యాయి.

ఇలాంటి మూసలన్నిటికీ బ్రిటన్‌లో కాలిన్ బార్న్స్ అనే పరిశోధకుడు 1992లో ఒక జాబితా వేశాడు. జాలిపడాల్సినవాడు, దుర్మార్గుడు, నవ్వులపాలయ్యేవాడు, ఇంటికి బరువు, తనకు తనే శత్రువు, ఇలా పోతుంది అది. మన ఊరి టూరింగు టాకీసులో కూర్చుని రాశాడేమో అనిపిస్తుంది. అందులోనే మానవాతీత శక్తులున్న వికలాంగుడు అనే మూస కూడా ఉంది. దాని సంగతి తర్వాత చెబుతాను, ఈ కాలం వాళ్లకు అదంటే మహా ముద్దు.

అయినా మా రోజులకు ఒక పుణ్యం ఉంది. అప్పటి దర్శకులు కొందరు మమ్మల్ని కథ మధ్యలో కూర్చోబెట్టారు. 1978లో వచ్చిన పదహారేళ్ల వయసు సినిమాలో చంద్రమోహన్ కుంటివాడిగా వేశాడు, చివరికి శ్రీదేవి మనసు చేరేది అతని దగ్గరికే. 1981లో సింగీతం శ్రీనివాసరావు తీసిన అమావాస్య చంద్రుడులో కమలహాసన్ కళ్లు లేని వయొలిన్ వాద్యకారుడు. వాడికి పని ఉంది, సంపాదన ఉంది, కోపం ఉంది, వేళాకోళం ఉంది, ఒక అమ్మాయిని కావాలనుకునే ధైర్యం ఉంది. ఆ అమ్మాయి తాతగా వేసింది ఎవరనుకున్నారు, ఎల్.వి.ప్రసాద్‌గారు. కొన్నేళ్లకు హైదరాబాదులో ఆయన పేరుతోనే కంటి ఆసుపత్రి వచ్చింది. సినిమాకు డబ్బులు రాలేదు. మంచిగా తీసినవాటికి మన జనం డబ్బులిస్తే కదా.

ఆ సింగీతంగారే 1985లో మయూరి తీశారు. సుధాచంద్రన్ 1981లో బస్సు ప్రమాదంలో కాలు పోగొట్టుకుంది. జైపూర్ కాలు పెట్టించుకుని 1984లో మళ్లీ వేదికెక్కింది. ఆ కథలో ఆమె వేషం ఆమే వేసింది. ఆ కాలు రబ్బరుతో చేసింది. బూటు లేకుండా నడవొచ్చు, గొంతుక్కూర్చోవచ్చు, మన బతుకుకు సరిపడేలా మన దేశంలోనే రామచంద్ర శర్మ అనే శిల్పి, డాక్టర్ పి.కె.సేఠీ కలిసి తయారుచేసింది. నిజంగా ఆ బతుకు బతికిన మనిషినే తెరమీదకు తేవడం అప్పట్లో మామూలు మాట కాదు. హాలీవుడ్డులో చెవిటి నటి మార్లీ మాట్లిన్‌కు చెవిటి పాత్ర దక్కి, ఆస్కారు తెచ్చిపెట్టిన చిల్డ్రన్ ఆఫ్ ఎ లెస్సర్ గాడ్ దీని తర్వాతి ఏడాది, 1986లో వచ్చింది.

మయూరిలోనూ నాకొక ముల్లు గుచ్చుకుంది. తప్పు సినిమాది కాదు, చూసినవాళ్లది. అది ఆడినన్నాళ్లూ మా ఆఫీసులో, మా వీధిలో, చివరికి మంగలి షాపులో కూడా ఒకటే పాట: "చూశావా, ఆ పిల్ల కాలు లేకపోయినా నాట్యం చేస్తోంది, నువ్వు రెండో అంతస్తు ఎక్కడానికి ఆపసోపాలు పడతావేం?" ఆవిడది తెగిన కాలు, పైన తొడ కండరం గట్టిగా ఉంది. నాది ఉన్న కాలే, లోపల కండరం లేదు. ఆవిడ పట్టుదలకూ నా మెట్లకూ ఏ సంబంధమూ లేదు. మెట్ల పక్కన పట్టుకోవడానికి ఒక కడ్డీ వేయించమని నేను అర్జీ పెట్టుకుంటే మా పై అధికారి కూడా మయూరి ప్రస్తావనే తెచ్చాడు. గొప్పవాళ్ల కథలతో వచ్చే చిక్కు ఇదే. చూసినవాడు చప్పట్లు కొట్టి ఇంటికెళ్తాడు, కడ్డీ వేయించడం మాత్రం మరిచిపోతాడు.

ఇప్పటివాళ్లు తెలివిమీరారు. బూతుమాట అనరు, బిచ్చగాడి వేషం ఇవ్వరు. దానికి బదులు అతిశయం వేస్తారు. కళ్లు లేకపోతే చెవులు పాము చెవులైపోతాయి, చీమ నడిచినా వినబడుతుంది, గాలి వాటం పసిగట్టి పదిమందిని మట్టి కరిపిస్తాడు. 2017లో రాజా ది గ్రేట్‌లో రవితేజ పుట్టుగుడ్డి. నవ్వాను, నేనేం రాతిమనిషిని కాదు. కానీ నాకు తెలిసిన అంధులెవరికీ ఆ చెవులు లేవు. ఒక పెద్దాయన నాతోపాటు టెలిఫోను ఆపరేటరుగా చేశాడు. నా కాలిపర్ టక్కు విని నేనే వస్తున్నానని గుర్తుపట్టేవాడు. ఎలాగని అడిగితే, "ఈ బిల్డింగులో టక్కుమనేది నువ్వొక్కడివే కదయ్యా" అన్నాడు. అందులో దివ్యశక్తి ఏముంది, శ్రద్ధగా వింటాడు, గుర్తుపెట్టుకుంటాడు. అదే ఏడాది జై లవకుశలో నత్తి ఉన్న అన్న రావణుడైపోయాడు. చిన్నప్పుడు నలుగురూ ఎగతాళి చేశారని అందులో కారణం చెప్పారు, మెచ్చుకోవాల్సిందే. అయినా చివరికి తేలింది మళ్లీ ఆ మూడో ఉద్యోగమే.

టీవీ సీరియళ్ల గురించి నన్ను అడక్కండి, బీపీ పెరుగుతుంది. అక్కడ చక్రాల కుర్చీ అంటే చేసిన పాపానికి శిక్ష. చెడ్డ కోడలు మెట్లమీంచి పడి కుర్చీలో కూర్చుంటుంది, బుద్ధి రాగానే లేచి నడుస్తుంది. లేదా అసలేమీ లేకుండానే నాటకమాడుతుంది, తలుపు మూసుకోగానే కుర్చీలోంచి లేచి నవ్వుతుంది, కెమెరా మూడుసార్లు కొట్టుకుంటుంది. ఈ దొంగ వేషాల వల్ల పోయేది ఎవరికి? రైల్లో వికలాంగుల బోగీలో నేను కాలిపర్ విప్పి పక్కన పెడితే, ఎదుటి సీటాయన నా కాలువంక చూసి నిజమేనా అన్నట్టు మొహం పెడతాడు. ప్యాంటు పైకెత్తి చూపించమంటాడేమోనని నాకు భయం.

ఇంత గొణుక్కుంటూ ఉండగా మా మనవరాలు ఒక స్క్రిప్టు తెచ్చింది. అది ఫిల్మ్ కోర్సు చదువుతోంది, వాళ్ల బ్యాచి ఒక షార్ట్ ఫిల్మ్ తీస్తున్నారు. అందులో కుంటుతూ నడిచే టైలరు ఒకడున్నాడు. "తాతయ్యా, నువ్వోసారి చదివి తప్పులుంటే చెప్పవా?" అంది.

"తప్పులు చెబితే మీ డైరెక్టరు వింటాడా?"

"వింటాడు. నువ్వు ఊరికే తిట్టకు, ఒక చెక్‌లిస్టులా రాసివ్వు. వేరే సినిమాలు చూసేటప్పుడు కూడా పనికొస్తుంది."

రాసిచ్చాను. అందులో సగం నా అనుభవం, కొంత కోర్టు చెప్పింది, కొంత అమెరికా రచయిత కెన్నీ ఫ్రైస్ 2017లో పెట్టిన మూడు ప్రశ్నలు. ఆయన ప్రశ్నలు చాలా చిన్నవి. కథలో ఒకరికన్నా ఎక్కువమంది వికలాంగులు ఉన్నారా, ఆ పాత్రకు పక్కవాడికి బుద్ధి చెప్పడం కాకుండా సొంత పనేదైనా ఉందా, చివర్లో నయం చేయకుండా, చంపకుండా వదిలారా? ఈ మూడిటికీ అవునని జవాబొచ్చే సినిమా కోసం వెతికి చూడండి, మీకే తెలుస్తుంది.

నేను మొదట అడిగేది సొంత పని సంగతే. ఆ టైలరుకు ఏం కావాలి? స్క్రిప్టులో చూస్తే వాడికేమీ అక్కర్లేదు, హీరోయిన్ తండ్రి మీద అలిగి వెళ్లిపోతుంటే ఆపి మంచిమాట చెప్పడానికి పుట్టాడు. వాణ్ణి తీసేసి ఆ మాటే ఒక గోడమీద రాసినా కథ నడుస్తుంది. వాడికో అప్పుండాలి, ఒక ప్రేమో పగో ఉండాలి, కనీసం కొత్త మిషను కొనుక్కోవాలని కోరికైనా ఉండాలి.

తర్వాత ముగింపు చూడాలి. నయమవడం, చావడం, ఈ రెండే మన రచయితలకు తెలిసిన దారులు. కళ్ల సినిమాలైతే మరీను. ఎవరో చస్తూ కళ్లిచ్చేస్తారు, డాక్టరు కట్టు విప్పుతాడు, ముందు మసక, తర్వాత అమ్మ మొహం, అంతా మూడు నిమిషాలు. నేత్రదానంలో అతికేది కంటి ముందుండే పారదర్శకమైన కార్నియా పొర మాత్రమే, మొత్తం కన్ను కాదు. చూపు పోయింది ఆ పొర చెడి అయితేనే ఉపయోగం, లోపలి రెటీనాయో నరమో దెబ్బతింటే ఆ ఆపరేషనుతో చూపు రాదు. అతికిన తర్వాత కూడా చూపు కుదుటపడటానికి నెలలు పడుతుంది, కుట్లు చాలాకాలం అలాగే ఉంటాయి. ఇక పుట్టుకతో చూపు లేని పిల్లలకు ఆపరేషన్ చేసి చూపు తెప్పిస్తే ఏమవుతుందో పవన్ సిన్హా అనే శాస్త్రవేత్త ప్రాజెక్ట్ ప్రకాశ్ పేరుతో మన దేశంలోనే పరిశీలించాడు. అప్పటిదాకా చేత్తో తడిమి తెలిసిన వస్తువును కంటితో చూసి వాళ్లు వెంటనే పోల్చుకోలేకపోయారు, నేర్చుకోవాల్సి వచ్చింది. కట్టు విప్పగానే అమ్మా అని పిలిచే హీరోకు ఆ మొహం అమ్మదని ఎవరు చెప్పారు?

మూడోది ఒళ్లు. ఇక్కడ నేను గట్టిగా పట్టుకుంటాను. చేతికర్ర బాగున్న కాలి వైపు పట్టుకోవాలి. నాకు ఎడమ కాలు బలహీనం కాబట్టి కర్ర కుడిచేతిలో ఉంటుంది. ఎడమ కాలు నేలమీద పడేటప్పుడే కర్రా పడుతుంది, తుంటి మీద బరువు పంచుకుంటుంది. నటులు నూటికి తొంభైమంది కుంటే కాలి వైపే పట్టుకుంటారు. ప్రపంచమంతా చూసిన హౌస్ అనే అమెరికా సీరియల్లో డాక్టరుగారికీ కుడికాలే నొప్పి, కర్రా కుడిచేతిలోనే. కళ్లు లేనివాళ్ల తెల్లకర్ర కూడా తోచినట్టు టకటకలాడించేది కాదు. దాని పొడవు రొమ్ము ఎముక దాకా రావాలి, భుజాల వెడల్పుకు కాస్త మించి ఊపాలి, ఎడమ కాలు ముందుకేసేటప్పుడు కర్ర మొన కుడివైపు తాకాలి, అంటే రాబోయే అడుగు చోటును ముందే చూసుకోవడం. నల్లకళ్లద్దాలు, ఆకాశంలోకి చూపు, గాల్లో తడిమే చేతులు, ఇవి నటుల సౌకర్యం కోసం పుట్టినవి.

పెదాలు చూసి మాటలు పట్టే చెవిటి పాత్రల సంగతి ఇంకా అన్యాయం. అద్దం ముందు నిలబడి పాట, బాట, మాట అని శబ్దం లేకుండా అని చూడండి. మూడిటికీ పెదాలు ఒకేలా కదులుతాయి. చెవిటివాళ్లు సందర్భం చూసి, మొహం చూసి, సగం ఊహించి అర్థం చేసుకుంటారు, అదీ మొహం మీద వెలుగుంటేనే. మన సినిమాల్లో విలన్ చీకట్లో వీపు తిప్పుకుని గొణిగినా చెవిటి హీరోయిన్‌కు మొత్తం తెలిసిపోతుంది.

నాలుగోది నవ్వు. నవ్వొద్దని నేననను. నా కాలిపర్ మీద నేను వేసే జోకులకు మా ఆవిడ చెవులు మూసుకుంటుంది. ఈ విషయంలో సుప్రీంకోర్టు మంచి గీత గీసింది. ఆంఖ్ మిచోలీ అనే హిందీ సినిమాలో మతిమరుపు, నత్తి, చెవుడు, రేచీకటి అన్నిటినీ ఒకే కుటుంబంలో పెట్టి నవ్వులాట చేశారని నిపుణ్ మల్హోత్రా కోర్టుకెక్కారు. 2024 జులై 8న జస్టిస్ చంద్రచూడ్, జస్టిస్ పార్దీవాలా తీర్పిచ్చారు. సినిమాను కోయలేదు గానీ తీసేవాళ్లకు దారి చెప్పారు. వైకల్యాన్ని అర్థం చేయించే హాస్యం వేరు, ఆ మనిషిని కించపరిచే హాస్యం వేరన్నారు. గుడ్డివాడు ప్రతిదానికీ గుద్దుకుంటాడనే అపోహలూ వద్దు, అతిమానవుడిగా చూపడమూ వద్దన్నారు. ఒకరికి దివ్యశక్తి అంటగడితే అది లేనివాడు ఎందుకూ పనికిరాడన్నట్టు అవుతుందని కూడా చెప్పారు. అది చదివి నాకు మంగలి షాపు గుర్తొచ్చింది. జబ్బును సరిగ్గా చూపించమని, మా గురించి తీసేటప్పుడు మమ్మల్ని అడగమని అందులోనే ఉంది. సెన్సారు నిబంధనల్లో వికలాంగుల్ని ఎగతాళి చేసే దృశ్యాలు కూడదని ఎప్పట్నుంచో ఉంది, 2016 వికలాంగుల హక్కుల చట్టంలోని 92వ సెక్షన్ ప్రకారం నలుగురిలో కావాలని అవమానిస్తే ఆరు నెలల నుంచి అయిదేళ్ల దాకా జైలు. ఇవన్నీ కాగితం మీద ఉన్నాయి. కామెడీ షోలు ఛానళ్లలో ఉన్నాయి.

ఐదోది మెట్లు. పాత్ర కష్టపడుతుంటే, ఆ కష్టం కాలుది అంటున్నారా, మెట్లది అంటున్నారా? పట్టుదలతో ఎక్కేశాడని చూపించి వదిలేస్తే అది నా పాత ఆఫీసే. అక్కడ ర్యాంపు ఎందుకు లేదని ఒక పాత్రైనా అడగాలి. ఆరోది, ఎవరు వేశారు, ఎవర్ని అడిగి వేశారు. 2025లో వచ్చిన సితారే జమీన్ పర్‌లో మేధో వైకల్యం ఉన్న బాస్కెట్‌బాల్ జట్టు వేషాలు నిజంగా అలాంటి వైకల్యం ఉన్న పదిమందే వేశారు. దొరకరు, నటించలేరు అనే సాకు ఇక చెల్లదు.

చివర్న ఒక చిట్కా రాశాను. టీవీలో సౌండు తీసేసి ఆ సీను చూడమని. చుట్టూ ఉన్నవాళ్లు తలలు వంచుకుని, కళ్లొత్తుకుని, భుజం తట్టి నిలబడ్డారంటే, ఏం మాట్లాడుతున్నా అది జాలి సీనే. మనిషి పని చేసుకుంటున్నట్టు కనబడితే పర్వాలేదు. వెనకాల మోగే ఆ వేణువూ ఆ వయొలినూ తీసేస్తే చాలా సీన్లలో ఏమీ మిగలదు.

మనవరాలు ఊరుకోలేదు, ఒక సినిమాకు మార్కులేసి చూపించమంది. రంగస్థలం తీసుకున్నాను, 2018ది, అది దానికీ ఇష్టం, నాకూ ఇష్టమే. చిట్టిబాబుకు చెవులు సరిగ్గా వినబడవు, ఊళ్లో సౌండ్ ఇంజనీర్ అంటారు. పొలాలకు ఇంజనుతో నీళ్లు పెట్టి బతుకుతాడు. సొంత పని ప్రశ్నలో పూర్తి మార్కులు, అతనికి ప్రేముంది, అన్న ఉన్నాడు, పగ ఉంది, కథంతా అతనిదే. ముగింపులోనూ పూర్తి మార్కులు, ఏ డాక్టరూ వచ్చి చెవులు బాగుచేయడు. పైగా చనిపోతున్న అన్న ఆఖరి మాట అతనికి వినబడదు, కథ మలుపు తిరిగేది అక్కడే. చెవుడు అలంకారం కాదు, కథకు ఇరుసు. చెవి మిషను పెట్టుకోవడానికి నామోషీ పడటం కూడా నిజం, మా కాలంలో కాలిపర్ కనబడకుండా బెల్‌బాటం ప్యాంట్లు కుట్టించుకున్నవాణ్ణి నాకు తెలుసు.

నవ్వుల దగ్గర మాత్రం సగం మార్కులే. ఒకటి అంటే ఇంకోటి విని జవాబు చెప్పే సీన్లు కొన్ని చిట్టిబాబు గడుసుతనం మీద నడుస్తాయి, అవి అతని జోకులు. కొన్ని మాత్రం అతని చెవుల మీద మనం నవ్వుకునేవి. ఒళ్లు ప్రశ్నలో బాగానే వచ్చాయి, దగ్గరకెళ్లి గట్టిగా అరిస్తే వినబడే చెవుడు అది, అన్నీ వినబడకపోవడం కాదు, ఆ తేడా దర్శకుడికి తెలుసు. ఇంకో వికలాంగ పాత్ర లేదు, వేసినవాడికి చెవుడు లేదు, రెండు సున్నాలు. వినబడని మనిషి కథకు ఆ ఏడాది శబ్దాల మిక్సింగులో జాతీయ అవార్డు వచ్చింది, దానికి మార్కులెలా వేయాలో నాకు తోచలేదు. మొత్తానికి పాసు, మంచి మార్కులతో. దీనితో పోలిస్తే చాలావాటికి నేను పేపరు దిద్దడానికి కూడా ఒప్పుకోను.

వాళ్ల స్క్రిప్టు మళ్లీ రాసుకొచ్చింది. టైలరు ఇప్పుడు కుట్టుమిషను పెడలును కుడికాలుతోనే తొక్కుతాడు, మోటారు పెట్టించుకోవడానికి చీటీ కడుతున్నాడు, కర్ర కుడిచేతికి మారింది, లేచినప్పుడు కాలిపర్ టక్కు వినబడుతుంది. నా కాలిపర్ చప్పుడే రికార్డు చేసుకుపోయారు, నూనె వేయొద్దని మా ఆవిణ్ణి బతిమాలి. ఒకచోట మాత్రం పేచీ వచ్చింది. ఆఖర్న టైలరు వర్షంలో నిలబడి ఆకాశం వంక చూసి ఏడుస్తాడు.

"ఇదెందుకమ్మలూ?"

"డైరెక్టరు ఒప్పుకోవట్లేదు తాతయ్యా. అది తీసేస్తే ఎమోషన్ పోతుందంటున్నాడు."

"చీటీ పాట పాడి మోటారు కొనుక్కున్నవాడు ఎందుకేడుస్తాడు? వర్షంలో కాలిపర్ తోలు తడిస్తే ఆరడానికి రెండ్రోజులు పడుతుంది, మనలో బుద్ధున్నవాడెవడూ నిలబడడు. చూరు కిందకు వెళ్తాడు."

అది ఫోన్లో రాసుకుంది. ఆ సీను అలాగే ఉంచితే టైటిల్స్‌లో కృతజ్ఞతల దగ్గర నా పేరు వేయొద్దని కూడా రాసుకోమన్నాను.